మీటరు లైటు, ఏసీ కింద బకెట్: విశాఖలో వేసవి బిల్లు ఎక్కడ పెరుగుతోంది?

మే నెల కరెంటు బిల్లు రాగానే ఇంట్లో మొదట మాట పడేది లైట్ల మీదే. "బాత్రూంలో లైటు ఎవరు వదిలేశారు?" అని పిల్లల్ని అడుగుతాం. నిజానికి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా పది గంటలు వెలిగినా ఖర్చయ్యేది యూనిట్‌లో పదో వంతు కూడా ఉండదు. నెలంతా రోజూ మర్చిపోయినా మూడు యూనిట్లు కాదు. లైటు ఆర్పడం మంచి అలవాటే, మానుకోమని కాదు. కానీ బిల్లు మార్చిలో ఉన్నదానికి రెండింతలైనప్పుడు ఆ మూడు యూనిట్ల వెంట పడితే అసలు కారణం అలాగే ఉండిపోతుంది. విశాఖలో ఆ అసలు కారణం చాలా ఇళ్లలో పడకగదిలో, కిటికీ పైన గోడకు ఉంటుంది. ఆ ఏసీ గదిని చల్లబరిచినందుకే కాదు, గదిలోని నీటిని బయటికి తోడినందుకు కూడా కరెంటు తింటోంది. ఈ మాట ఎలా చెప్పగలమో, మీ ఇంట్లో మీరే ఎలా తేల్చుకోవచ్చో చూద్దాం.

ముందు బిల్లు సంగతి. మన రాష్ట్రంలో ఇళ్లకు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆపైన 9.75. మీ చేతిలో ఉన్న బిల్లు మీది రేట్లతో ఒకసారి సరిచూసుకోండి. 226వ యూనిట్ పడగానే మొత్తం యూనిట్లన్నిటికీ 8.75 వేస్తారని చాలామంది భయపడతారు. అలా వేయరు. ఏ స్లాబులో పడిన యూనిట్లకు ఆ స్లాబు రేటే. అయినా పై మెట్టు మీది యూనిట్లు ఎంత బరువో చూడండి. ఒక ఇంట్లో 340 యూనిట్లు కాలాయనుకుందాం. మొదటి 225 యూనిట్లకు పడేది 1,017 రూపాయలు. మిగిలిన 115 యూనిట్లకు పడేది 1,006 రూపాయలు. అంటే ఇల్లంతా నడిపిన 225 యూనిట్లూ, చివర్లో చేరిన 115 యూనిట్లూ దాదాపు ఒకే ధర. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం.

ఇందులోంచి పనికొచ్చే మాట ఒకటుంది. మనం తగ్గించే యూనిట్ ఏ వస్తువుదైనా సరే, బిల్లులో అది పై నుంచే తగ్గుతుంది. మేలో 340 కాల్చే ఇంట్లో మిగిల్చిన ప్రతి యూనిట్‌కూ 8.75 మిగులుతుంది. అదే యూనిట్‌ను డిసెంబరులో, వాడకం 120 ఉన్నప్పుడు మిగిలిస్తే వచ్చేది 4.50. కాబట్టి శ్రమ పెట్టేదేదో వేసవిలో, ఎక్కువ తినేదాని మీదే పెట్టాలి. ఎక్కువ తినేది ఏదో ఊహించనక్కర్లేదు, మీటరే చెబుతుంది.

మీటరు లైటుతో కొలవడం

ఎలక్ట్రానిక్ మీటరు ముందు భాగంలో ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. దాని పక్కనో, కిందనో 3200 imp/kWh అని గానీ, ఇంకో అంకెతో గానీ రాసి ఉంటుంది. ఆ లైటు 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అని దాని అర్థం. ఎన్ని మిణుకులు ఎన్ని సెకన్లలో పడ్డాయో తెలిస్తే ఆ క్షణంలో ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో తెలిసిపోతుంది.

```
W = 3600000 × N / (K × T)
```

ఇక్కడ N అంటే మిణుకుల సంఖ్య, T అంటే సెకన్లు, K అంటే మీటరు మీద రాసిన అంకె. 3200 మీటరుకైతే ఇంకా తేలిక: పది మిణుకులకు పట్టిన సెకన్లతో 11,250ని భాగిస్తే చాలు. పది మిణుకులకు 30 సెకన్లు పడితే 375 వాట్లు. మొదటి మిణుకు పడగానే ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కి, దాన్ని సున్నాగా లెక్కపెట్టి, పదో మిణుకు దగ్గర ఆపాలి. మొదటిదాన్నే ఒకటిగా లెక్కపెట్టేస్తే లెక్క పదకొండు శాతం తప్పుతుంది. చాలామంది తప్పేది ఇక్కడే.

అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద సెల్లార్లో ఒకే బోర్డు మీద ఉంటాయి. బిల్లు మీది సర్వీసు నంబరుతో మీ మీటరు ఏదో ముందు పోల్చుకోండి. ఒకరు మీటరు దగ్గర, ఒకరు ఇంట్లో, మధ్యలో ఫోను ఉంటే పని సులువు. తెరమీద అంకెలు వంతులవారీగా మారుతుంటాయి కాబట్టి రీడింగ్ చూసేవారు kWh అని కనిపించే అంకెనే రాసుకోవాలి. MD అని వచ్చేది నెలలో ఒక్కసారి పడిన గరిష్ఠ లోడు, వాడకం కాదు.

ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి మొదటి కొలత తీయండి. లైటు దాదాపు ఆగిపోవాలి. నిమిషానికి రెండు మూడు మిణుకులు పడితే సెట్‌టాప్ బాక్సు, వైఫై రూటరు, ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జింగ్ లాంటివి లోపల నడుస్తున్నట్టు. పది వాట్లు రాత్రీపగలూ లాగే సెట్‌టాప్ బాక్సు నెలకు ఏడు యూనిట్లు తింటుంది. మర్చిపోయిన బాత్రూం బల్బుకన్నా అది రెండింతలకు పైమాటే.

మెయిన్ ఎంసీబీ దించేసినా లైటు కొట్టుకుంటూ ఉంటే ఆ సంగతి వేరు. మీ మీటరు తర్వాత, మీ ఎంసీబీకి ముందే ఎవరిదో వైరు కలిసి ఉండవచ్చు. మెట్ల లైట్లో, మోటారో అయి ఉంటుంది. పాత అపార్ట్‌మెంట్లలో ఇంకో తప్పు కూడా దొరుకుతుంది: రెండు ఫ్లాట్ల న్యూట్రల్ వైర్లు ఎక్కడో కలిసిపోవడం. ఇప్పటి మీటర్లు ఫేజ్‌లో వెళ్లే కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ రెండింటినీ కొలిచి, ఎక్కువున్నదాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. దొంగతనం జరగకుండా చేసిన ఏర్పాటది. న్యూట్రల్ కలిసిపోతే పక్కింటి కరెంటు కొంత మీ న్యూట్రల్ గుండా వెనక్కి పోతుంది, మీ మీటరు దాన్నీ మీ ఖాతాలో రాస్తుంది. మెయిన్ ఎంసీబీ ఒక్క ఫేజ్‌నే తెంచే రకమైతే, దాన్ని దించినా మిణుకులు ఆగవు. మీటరు మీది ఎర్త్ సూచిక లైటు అదే పనిగా వెలగడం దీనికి ఇంకో గుర్తు. ఇలాంటివి మీరు విప్పి చూడకండి. మీటరుకు ఇటువైపు వైరింగ్‌కు లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ని పిలవండి, మీటరు వైపు అనుమానమైతే 1912కు ఫిర్యాదు చేయండి.

ఆ తర్వాత ఒక్కొక్క వస్తువునే వేసి కొలవండి. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు చూపుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాను 30 దరిదాపుల్లో ఉంటుంది. రోజుకు పది గంటలు తిరిగే ఫ్యానుకు నెలలో పదమూడు యూనిట్ల తేడా అది. ఇప్పుడు ఏసీ దగ్గరికి వద్దాం.

ఏసీ తోడేది వేడినే కాదు

కడప, అనంతపురాల్లో మేలో 42 డిగ్రీలుంటే మనకు 34, 35 ఉంటుంది. అయినా మనకే చిరాకు ఎక్కువ. సముద్రం పక్కన గాలి తేమతో నిండి ఉంటుంది, పట్టిన చెమట ఆరదు. ఏసీ వేసినప్పుడు లోపలి చల్లటి కాయిల్ మీద ఆ తేమ నీరుగా మారి డ్రెయిన్ పైపు గుండా కారిపోతుంది. తేమ నీరుగా మారేటప్పుడు వదిలే వేడినంతా కంప్రెసరే బయటికి మోయాలి. ఒక లీటరు నీరు అలా కారిందంటే సుమారు 0.68 యూనిట్లంత వేడి మోసినట్టు. ఒక మాదిరి మంచి ఏసీకి ఇందుకు అయ్యే కరెంటు సుమారు 0.2 యూనిట్. ఐదు లీటర్ల నీటికి ఒక యూనిట్ అని గుర్తుపెట్టుకుంటే లెక్క సులువు. గది ఒక్క డిగ్రీ కూడా చల్లబడకముందే అయిపోయే ఖర్చు ఇది.

కాబట్టి డ్రెయిన్ పైపు చివర ఒక బకెట్ పెట్టండి. నెల మొదట్లోనో, చాలా రోజుల తర్వాతో ఏసీ వేస్తే పరుపు, బట్టలు, పుస్తకాలు పీల్చుకున్న తేమ కూడా కారుతుంది కాబట్టి వరసగా మూడో రాత్రి కొలవండి. పన్నెండు అడుగులకు పన్నెండు అడుగుల గదిలో ఉన్న గాలిలోంచి తీయాల్సిన తేమ అర లీటరు కూడా ఉండదు. ఇద్దరు మనుషులు రాత్రంతా నిద్రలో ఊపిరి, చెమట రూపంలో వదిలేది ఇంకో లీటరు లోపు. తలుపులు బాగా పట్టే గదిలో ఎనిమిది గంటలకు మూడు, మూడున్నర లీటర్ల నీరు రావడం సహజం. ఏడెనిమిది లీటర్లు వచ్చాయంటే ఆ మిగతాది బయటి గాలి మోసుకొచ్చింది. ఎక్కడో సందుంది, రాత్రంతా సముద్రపు గాలి లోపలికి వస్తోంది, మీ ఏసీ దాన్ని పిండుతూ కూర్చుంది.

సందు ఎక్కడుందో వెతకడం కష్టం కాదు. వెలిగించిన అగరబత్తిని ఏసీ నడుస్తుండగా అంచుల దగ్గర పట్టుకుని చూడండి, పొగ ఎటు వంగితే అటు గాలి ఆడుతున్నట్టు. తలుపు కింద అర అంగుళం సందు ఎక్కువ ఇళ్లలో ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే తలుపు అడుగు రబ్బరు పట్టీ దాన్ని మూసేస్తుంది. ఏసీ రాగి పైపుల కోసం గోడకు వేసిన కన్నాన్ని చాలామంది పూడ్చకుండానే వదిలేస్తారు, దానికి పుట్టీ పెట్టాలి. జరిపే కిటికీ రెక్కల మధ్య బ్రష్షు పట్టీ అరిగిపోయి ఉంటే మార్చాలి. అన్నిటికన్నా పెద్ద దారి అటాచ్డ్ బాత్రూం. అక్కడి గాజు పలకల వెంటిలేటరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, బాత్రూం తలుపు ఓరగా వదిలితే గదికి కిటికీ తెరిచినట్టే. రాత్రి ఆ తలుపు గడియ పెట్టి ఉంచడమే పరిష్కారం. వెంటిలేటరు మాత్రం మూయకండి. బాత్రూంలో గ్యాస్ గీజరు ఉన్న ఇళ్లలో వెంటిలేటరు మూయడం ప్రాణాల మీదికి తెస్తుంది. ఏసీ గదిలో తడి బట్టలు ఆరేసే అలవాటు ఉంటే అదీ మానాలి. బకెట్‌లో పడే నీటిలో కొంత ఆ బట్టలదే.

ఉష్ణోగ్రత దగ్గర కూడా తేమే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. గదిలో జిడ్డుగా ఉంటే చల్లగా లేదనుకుని 22కో, 20కో దించుతాం. కొన్ని గదుల్లో అలా జరగడానికి కారణం ఏసీ మరీ పెద్దది కావడం. పదడుగుల గదికి ఒకటిన్నర టన్ను పెడితే గాలి ఇట్టే చల్లబడుతుంది, కంప్రెసరు ఆగిపోతుంది, తేమ పోవడానికి తగినంత సేపు నడవదు. ఇన్వర్టరు కాని పాత ఏసీల్లో ఇంకోటి: కంప్రెసరు ఆగాక కూడా లోపలి ఫ్యాను తిరుగుతూ కాయిల్ మీది తడిని మళ్లీ గదిలోకే ఊదుతుంది. చల్లగా, జిడ్డుగా, మూసుకుపోయినట్టుండే గది అందుకే. ఇలాంటప్పుడు డిగ్రీలు దించడం కన్నా డ్రై మోడ్ పెట్టడం, లోపలి ఫ్యాను వేగం తగ్గించడం నయం. గాలి నెమ్మదిగా పోతే కాయిల్ ఇంకా చల్లబడి ఎక్కువ తేమ పట్టుకుంటుంది. తేమ పోయిన గదిలో 26 దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పితే చాలామందికి హాయిగానే నిద్ర పడుతుంది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా చేయించిందీ ఆ సంస్థ నిబంధనే.

ఒక ఇంటి లెక్క

సీతమ్మధారలో రెండు పడకగదుల ఫ్లాటు అనుకోండి. మార్చిలో ఏసీ లేకుండా 210 యూనిట్లు, బిల్లులో కరెంటు ఖరీదు 927 రూపాయలు. మేలో 340 యూనిట్లు, ఖరీదు సుమారు 2,023. పెరిగింది 130 యూనిట్లు, రూపాయల్లో చూస్తే 1,096.

రాత్రి పదకొండు గంటలకు, ఏసీ వేసి గంటన్నర అయ్యాక, మిగతావన్నీ ఆపి మీటరు చూస్తే పది మిణుకులకు 21 సెకన్లు. అంటే 536 వాట్లు. ఎనిమిది గంటలకు 4.3 యూనిట్లు, ముప్పై రాత్రులకు 129. బిల్లులో పెరిగిన 130కి ఇది సరిపోయింది, కాబట్టి వేరే దొంగ ఎవరూ లేరు. ఒకవేళ ఈ రెండంకెలకూ బాగా తేడా వచ్చి ఉంటే ఫ్రిజ్ వైపో, వైరింగ్ వైపో వెతకాల్సి వచ్చేది. గంటన్నర ఆగి కొలవడం ముఖ్యం. వేసిన వెంటనే ఇన్వర్టరు ఏసీ పూర్తి బలంతో నడుస్తుంది, అప్పటి అంకెను రాత్రంతటికీ లెక్కవేస్తే లేని భయం పుడుతుంది.

బకెట్‌లో పొద్దునకు ఎనిమిది లీటర్లు. తలుపు కింద పట్టీ వేసి, పైపు కన్నం పూడ్చి, బాత్రూం తలుపు వేసుకుని పడుకుంటే మూడున్నర లీటర్లకు దిగింది. తగ్గిన నాలుగున్నర లీటర్లకు రాత్రికి 0.9 యూనిట్. దానితోపాటు 22 నుంచి 26కు పెంచి ఫ్యాను వేసుకుంటే ఇంకో 0.8. ఇప్పుడు పది మిణుకులకు 35 సెకన్లు పడుతోంది, అంటే 321 వాట్లు, రాత్రికి 2.6 యూనిట్లు. నెలకు 51 యూనిట్లు తగ్గి 340 కాస్తా 289 అయింది. అన్నీ 8.75 మెట్టులోవే కాబట్టి మిగిలింది 440 రూపాయల పైచిలుకు. ఫ్యానుకు అయ్యేది ఇందులోంచి తీసేయాలి: పాత ఫ్యాను నెమ్మదిగా తిరిగినా నెలకు ఓ పది యూనిట్లు పోతాయి, బీఎల్‌డీసీ అయితే ఐదు లోపే. ఏసీని ఫ్యానుతో కలిపి వాడే ఇంట్లో ముందుగా మార్చాల్సిన ఫ్యాను హాల్లోది కాదు, ఏసీ గదిలోదే.

సందులన్నీ మూసినా మిణుకుల వేగం తగ్గకపోతే బకెట్ ఇంకో సంగతి కూడా చెబుతుంది. నీళ్లు తక్కువ పడుతూ, గది చల్లబడక, మీటరు మాత్రం వేగంగా కొట్టుకుంటుంటే తప్పు ఏసీలోనే ఉంది. లోపలి ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు, అది రెండు వారాలకోసారి కడగాల్సినది. రాగి పైపు మీద మంచు పేరుకుంటుంటే ఫిల్టరో, గ్యాసో చూడాలి. గ్యాసు దానంతటదే అయిపోదు, తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు పట్టకుండా గ్యాసు మాత్రమే నింపించుకుంటే మళ్లీ ఏడాదికి అదే పని.

మన ఊళ్లో ఎక్కువగా తప్పు బయటి యూనిట్‌లో వస్తుంది. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, రుషికొండ వైపు బాల్కనీల్లో వేలాడే యూనిట్ల వెనక రేకులు దగ్గరగా చూడండి. పలచటి అల్యూమినియం రేకుల మీద తెల్లటి పొడి కనిపిస్తుంది, వేలితో తాకితే రాలిపోతుంది. ఉప్పుగాలి తినేసిన గుర్తది. రేకులు పోతే వేడి బయటికి పోదు, అదే చల్లదనానికి కంప్రెసరు ఎక్కువ కరెంటు లాగుతుంది. వేసవికి ముందోసారి, వానలు వెనకబడ్డాక ఇంకోసారి మంచినీటితో కడిగితే ఉప్పు నిలవదు. బీచ్‌కు ఎదురుగా ఉన్నవారు ఇంకా తరచుగా కడగాలి. ఏసీ ఎంసీబీ దించి, మామూలు పైపుతో, రేకులు నిలువుగా ఉంటాయి కాబట్టి నీటినీ నిలువుగానే పోయాలి. బైకులు కడిగే ప్రెషరు పంపు పెడితే రేకులు పడుకుండిపోతాయి, అప్పుడు గాలే ఆడదు. యూనిట్ గోడ బయట వేలాడుతుంటే ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

కడగక ముందు, కడిగాక, అదే గంటకు, అదే డిగ్రీల దగ్గర పది మిణుకులకు ఎన్ని సెకన్లో ఒక కాగితం మీద రాసి అల్మారా తలుపు లోపల అంటించుకోండి. బకెట్ లీటర్లు కూడా పక్కనే. వచ్చే మేలో అదే గదిలో నీళ్లు మూడున్నర లీటర్లే ఉండి, 35 సెకన్లు మాత్రం 27కు పడిపోతే, తలుపుల జోలికి పోనక్కర్లేదు. మెకానిక్‌ను పిలిచి నేరుగా బయటి యూనిట్ చూపించండి.